ఐదో టోకెన్: ప్రీహీటర్ టీముకు ఒక బహిరంగ లేఖ

కృష్ణ ఒడ్డున ఉన్న మన సిమెంట్ ప్లాంటులో ప్రీహీటర్ మీద, సీసీఆర్ కంట్రోల్ రూములో, కిల్న్ దగ్గర మూడు షిఫ్టుల్లో పనిచేస్తున్న అన్నలకు, తమ్ముళ్లకు, కాంట్రాక్టు మీద వచ్చే కార్మికులందరికీ నమస్కారం.

ఒక ఏడాది మొత్తం మీ సెక్షన్‌లో ఒక్కరికీ పనికి రాలేనంత దెబ్బ తగలలేదని పోయిన వారం తెలిసింది. చాలా సంతోషమైంది. నేను రిటైరై మూడేళ్లయినా, టవర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంటే ఊళ్లో మా ఇంటి డాబా మీంచి ఇప్పటికీ అటే చూస్తాను. మీ అందరికీ పేరుపేరునా అభినందనలు.

గేటు దగ్గర టీ కొట్టులో ఇద్దరు ముగ్గురు నాతో అన్న మాట వల్లనే ఈ లేఖ రాస్తున్నాను. "మన టైమ్ బాగుంది సార్, మైసమ్మ తల్లి చల్లగా చూసింది" అన్నారు. మైసమ్మకు నేనూ మొక్కుతాను. కానీ ఈ ఏడాది గడిచింది టైమ్ బాగుండి కాదు. మీ షిఫ్ట్ లాగ్‌బుక్కులు, తృటిలో తప్పిన ప్రమాదాలు రాసే నియర్ మిస్ రిజిస్టరు రెండు రోజులు కూర్చుని చదివాను. అందులో మే నెలలో ఒక రాత్రి జరిగిన సంగతి ఉంది. దాన్ని మీకే మళ్లీ చెప్పాలనిపించింది, ఎందుకంటే ఆ రాత్రి మీరు ఏం చేశారో మీకే పూర్తిగా తెలియదేమోనని నా అనుమానం.

ఆ రాత్రి రెండు నలభైకి అయిదో స్టేజి సైక్లోన్ జామ్ అయింది. ఈ లేఖ చదివే వాళ్లలో మీ ఇంటివాళ్లూ ఉంటారు కాబట్టి జామ్ అంటే ఏమిటో కొంచెం చెబుతాను. కిల్న్ అనే కొలిమిలోకి పోయే ముందు సున్నపురాయి పొడి ప్రీహీటర్ టవర్ పైనుంచి గరాటులాంటి ఒక్కో సైక్లోన్ దాటుకుంటూ వేడెక్కుతూ కిందికి దిగుతుంది, కిల్న్ నుంచి వచ్చే వేడి గాలి పైకి పోతుంది. అన్నిటికన్నా కింది సైక్లోన్‌కు చేరేసరికి ఆ పొడి వేడి 850 డిగ్రీల దాకా పోతుంది. కిల్న్‌లో ఆవిరైన సల్ఫర్, క్లోరిన్, క్షారాలు పైకి వచ్చి, కాస్త చల్లబడగానే గోడలకు జిగురులా పట్టేస్తాయి. దానికి పొడి అంటుకుని కోటింగ్ అవుతుంది. ఆ కోటింగ్‌లోంచి ఒక పెళ్ల ఊడి కోన్ అడుగున అడ్డం పడితే చాలు, పైనుంచి వచ్చే మెటీరియల్ అంతా అక్కడే ఆగిపోతుంది. ఆ రాత్రి జరిగింది ఇదే. మర్నాడు కోన్ కింద తలుపులా ఆడే ఫ్లాప్ వాల్వ్ దగ్గర దొరికిన పెళ్ల పెద్ద రొట్టె అంత ఉందని లాగ్‌బుక్కులో రాసి ఉంది.

జామ్ అయిన తర్వాత ప్రతి నిమిషం ముఖ్యమే. గంటకు 300 టన్నుల ఫీడ్ అంటే నిమిషానికి 5 టన్నులు. కాల్సినేషన్‌లో, అంటే సున్నపురాయి వేడికి సున్నంగా మారేటప్పుడు, అందులో మూడో వంతుకు పైగా కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. మిగిలేది నిమిషానికి మూడు టన్నుల పైమాటే. అంటే సీసీఆర్‌లో కూర్చున్న మనిషి "ఇది నిజమేనా, ఇంకో నిమిషం చూద్దాం" అనుకుంటే మూడు టన్నుల నిప్పులాంటి పొడి అదనంగా కోన్‌లో కూర్చుంటుంది. తర్వాత దాన్ని లాన్స్ అనే పొడవాటి గాలి గొట్టం పట్టుకుని పొడిచి తీయాల్సింది మనుషులే.

ఆ రాత్రి కోన్ డ్రాఫ్ట్, అంటే కోన్ లోపల గాలిని పీల్చే ఒత్తిడి, సున్నా వైపు జారడం మొదలైన అర నిమిషంలో ఫీడ్ ఆగింది. అంత ధైర్యంగా ఎలా ఆపగలిగారని సీసీఆర్ తమ్ముడిని అడిగాను. "డ్రాఫ్ట్ పడింది సార్, కింద మీల్ పైపు టెంపరేచర్ కూడా పడుతోంది. ఇంక ఆలోచించేదేముంది" అన్నాడు. అతనికి అది అంత తేలిక విషయం. నాకు కాదు. డ్రాఫ్ట్ చూపించే ఆ చిన్న ట్యాపింగ్ పైపులో దుమ్ము పట్టడం మామూలే. దుమ్ము పట్టిందా, సైక్లోన్ బాగున్నా స్క్రీన్ మీద డ్రాఫ్ట్ పోయినట్టు కనిపించొచ్చు. సైక్లోన్ నిండిపోతున్నా రీడింగ్ కదలకుండా నిలబడొచ్చు కూడా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే కంపెనీలో, ఆ రీడింగ్‌ను ఎవరం నమ్మేవాళ్లం కాదు. డ్రాఫ్ట్ పడగానే "ట్యాపింగ్ జామ్ అయి ఉంటుంది, పైకెళ్లి చూసి రారా" అని ఒక కుర్రాడిని పంపేవాళ్లు. అతను ఆరు అంతస్తులు ఎక్కి, చూసి, ఫోన్ చేసేసరికి పది నిమిషాలు. ముప్పై టన్నుల పైన.

మీ ప్యాట్రోల్ షీట్లో ప్రతి రెండు గంటలకు ఒక గీత ఉంది: ట్యాపింగ్‌లు గాలితో ఊది క్లియర్ చేశాం అని. దాని పక్కనే ఫ్లాప్ వాల్వ్ బరువు చేత్తో ఎత్తి చూశాం, ఆడుతోంది అని. ఏడాది షీట్లు తిప్పాను. నాలుగైదు చోట్ల ఖాళీలున్నాయి, ఆ ఖాళీలకు కారణం కూడా రాసి ఉంది. ఆ రాత్రి రెండు గంటల రౌండులో ఊదినట్టు గీత ఉంది. అందుకే రెండు నలభైకి ఆ తమ్ముడు రీడింగ్‌ను నమ్మాడు. ఎండాకాలంలో ఆ అంతస్తు మీద గాలి పైపు పట్టుకుని ప్రతి రెండు గంటలకు తిరిగిన ప్యాట్రోల్ అన్నకు ఎవరూ చప్పట్లు కొట్టరు. నేను కొడుతున్నాను. సీసీఆర్‌లో అర నిమిషంలో తీసుకున్న నిర్ణయంలో సగం అతనిది.

ఫీడ్ ఆగింది. కాల్సినర్‌లో బొగ్గు ఆగింది. కిల్న్ మంట తగ్గించి స్లో తిప్పుడు మీద పెట్టారు. వేడి గాలిని లాగే ఐడీ ఫ్యాన్ పూర్తిగా ఆపకుండా కొంచెం నడిపారు, లాన్స్ దూర్చే పోక్ హోల్ తెరిస్తే గాలి లోపలికి పోవాలి గానీ బయటికి తన్నకూడదు కదా. సైరన్ మోగింది. గాలి దెబ్బతో కోటింగ్‌ను ఊడగొట్టే ఎయిర్ బ్లాస్టర్లకు గాలి వాల్వులు మూసి, ట్యాంకుల్లో ఉన్న గాలి వదిలేసి, తాళాలు వేశారు. టైమర్ మీద ఒక బ్లాస్టర్ పేలితే, ఎదురుగా పోక్ హోల్ దగ్గర ఉన్న మనిషి మీదికి పొడి మొత్తం వస్తుంది. ఇవన్నీ పర్మిట్ కాగితం మీద టైముతో సహా ఉన్నాయి. కిల్న్ ఇన్‌లెట్, కిల్న్ హుడ్, కూలర్ దగ్గర ఉన్నవాళ్లందరినీ ఖాళీ చేయించారు. ఎందుకంటే ఆ పొడి మధ్యలో గాలి చిక్కుకుని ఉంటుంది, ఊడిందంటే పొడిలా రాలదు, నీళ్లలా పారుతుంది. కిల్న్ గుండా కూలర్ దాకా పరిగెత్తిన సందర్భాలున్నాయి.

అప్పుడు పర్మిట్ పట్టుకున్న షిఫ్ట్ ఇంచార్జ్ కింద టోకెన్ బోర్డు దగ్గరికి వచ్చాడు. టవర్ ఎక్కే ప్రతి మనిషి తన టోకెన్ "పైన" అన్న కొక్కేనికి తగిలించాలి, దిగాక "కింద"కు మార్చాలి. జామ్ తీసే టీము నలుగురు: లాన్స్ పట్టే ఇద్దరు, వాకీటాకీతో ఒకరు, పర్మిట్ మనిషి. బోర్డు మీద "పైన" ఉన్న టోకెన్లు నాలుగే ఉండాలి. ఐదు ఉన్నాయి.

ఐదో టోకెన్ ఒక కాంట్రాక్టు హెల్పరుది. ఒడిశా నుంచి వచ్చి అప్పటికి ఇరవై రోజులు. అతను కిందికి దిగిపోయాడని, మెస్ వైపు వెళ్తుండగా చూశామని ఇద్దరు చెప్పారు. టోకెన్ మార్చడం మర్చిపోయి ఉంటాడన్నారు. అటువైపు కిల్న్ చల్లారుతోంది, ఉత్పత్తి ఆగి ఉంది, పొద్దున మీటింగులో అందరూ అడుగుతారు. ఆ టెన్షన్ ఎట్లా ఉంటుందో ముప్పై రెండేళ్లు ఆ కుర్చీలో, ఆ టవర్ మీద ఉన్నవాడిగా నాకు తెలుసు. ఇంచార్జ్ పని మొదలుపెట్టనివ్వలేదు. "మనిషినైనా చూపించండి, టోకెనైనా మార్చించండి" అన్నాడట. పద్దెనిమిది నిమిషాలు ఆగారు.

ఆ హెల్పరు కిల్న్ ఇన్‌లెట్ అంతస్తులో దొరికాడు. లాన్స్ గొట్టానికి కప్లింగ్ అవసరమవుతుందని ఎవరో అంటే విని, తెద్దామని ఎవరికీ చెప్పకుండా వెళ్లాడు. సైరన్ విన్నాడు గానీ దానికి అర్థం తన భాషలో ఎవరూ చెప్పలేదు. మెస్ వైపు వెళ్తూ కనిపించింది అతని గది స్నేహితుడు, ఇద్దరివీ ఒకే రంగు చొక్కాలు.

అతన్ని దింపాక లాన్సింగ్ మొదలైంది. నలభై నిమిషాల తర్వాత జామ్ ఊడింది. ఊడినప్పుడు ఇన్‌లెట్ సీల్ దగ్గర నుంచి పొడి బయటికి తన్ని, ఆ హెల్పరు నిలబడ్డ అంతస్తు మీదే జానెడు మందం పరుచుకుంది. తెల్లారి తీసిన ఫోటో రిజిస్టరులో అంటించి ఉంది. ఆ ఫోటో చూశాక నేను కాసేపు పేజీ తిప్పలేకపోయాను.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ నలభై నిమిషాల్లో అతను కప్లింగ్ తీసుకుని తనంతట తానే పైకో కిందికో వచ్చేసేవాడేమో. వచ్చి ఉంటే ఐదో టోకెన్ కథే ఉండేది కాదు. కానీ ఆ "ఏమో" మీద ఆ రాత్రి మీరు ఎవరినీ వదిలిపెట్టలేదు. అదృష్టం అనేది ఆ "ఏమో"లో ఉంటుంది. పద్దెనిమిది నిమిషాలు ఆగడంలో లేదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి కంపెనీలో మేము జామ్ తీసేటప్పుడు రెండు పోక్ హోల్స్ ఒకేసారి తెరిచేవాళ్లం, ఒక అంతస్తులో ఒకటి, దాని పై అంతస్తులో ఇంకొకటి. తొందరగా అయిపోతుందని. అట్లా ఎనిమిదో తొమ్మిదో సార్లు చేశాం. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్ని మేము అనుభవం అని పిలుచుకున్నాం. కొత్తగా వచ్చినవాళ్లు భయపడితే "మేం ఎన్నిసార్లు చేశాం చూడు" అని చెప్పేవాళ్లం. ఒక మధ్యాహ్నం పైన పొడుస్తుండగా మాల్ కదిలి, కింద తెరిచి ఉన్న హోల్‌లోంచి బయటికి వచ్చింది. అక్కడ నిలబడ్డవాడు నాతోపాటు ఒకే రోజు చేరిన మిర్యాలగూడ దోస్తు. ఎదురుగా నిలబడ్డాడు, పక్కకు కాదు. ప్యాంటు బూట్ల లోపలికి దోపుకుని ఉన్నాడు, పొడి బూట్లలోకి దిగింది. అది మామూలు నిప్పు కాదు, కాల్సినర్ దాటిన పొడిలో ఎక్కువ భాగం సున్నం. చెమటకు తగిలితే మళ్లీ కాలుతుంది. దాన్ని ముందు పొడిగా దులిపి, బట్టలు విప్పి, ఆ తర్వాత ధారగా ఎక్కువ నీళ్లు పోయాలని మాలో ఎవరికీ తెలియదు. అతను బతికాడు, కానీ ఆ తర్వాత చెప్పు వేసుకుని సరిగా నడవలేదు. పోయిన ఏడాది వాళ్ల అమ్మాయి పెళ్లికి వెళ్లాను. మండపం మెట్లు ఎక్కడానికి నా భుజం పట్టుకున్నాడు.

ఆ ఎనిమిది తొమ్మిది సార్లూ మాకు యాక్సిడెంట్ లేదు. లెక్క ప్రకారం ఆ కాలమంతా సున్నాయే. మీ సున్నా, మా సున్నా బోర్డు మీద ఒకేలా కనిపిస్తాయి. వాటిలో తేడా తెలియాలంటే రిజిస్టరు చూడాలి. మా రిజిస్టరు ఖాళీగా ఉండేది. మీది నిండుగా ఉంది. ఒక లాన్స్‌ను గాలి వాల్వ్ మూయకముందే బయటికి లాగారని ఉంది. ఒకరి టోకెన్ ఇంకొకరు మార్చారని జూన్‌లో రాశారు, రాసినవాడు మార్చినవాడే. వేడి తట్టుకునే సూట్ వేసుకుని పదిహేను నిమిషాలు దాటాక ఒకరికి కళ్లు తిరిగాయని, ఇక మీదట పది నిమిషాలకే మనిషిని మార్చాలని రాశారు. మే నెలలో మన నల్లగొండ ఎండ, దాని మీద ఆ టవర్ వేడి, పైన ఆ వెండి రంగు సూటు, పదిహేను నిమిషాలు నిజంగానే ఎక్కువ. కింద మజ్జిగ కుండ పెట్టించిన సూపర్‌వైజర్ ఎవరో గానీ ఆ అక్షరాలు చూస్తే మనసు నిండింది.

ఇంకో మాట. చట్టం లెక్క వేరు, మన లెక్క వేరు. చట్టం ప్రకారం 48 గంటలు పనికి రాలేనంత దెబ్బ తగిలితే రిపోర్ట్ చేయాలి. అంతకన్నా చిన్నది బోర్డు మీదికి రాదు. అందుకే చాలాచోట్ల దెబ్బ తగిలిన మనిషిని మర్నాడు తెచ్చి ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టి హాజరు వేస్తారు, సున్నా అట్లాగే ఉంటుంది. మీరు అట్లా చేయలేదని ఫస్ట్ ఎయిడ్ పుస్తకం చెబుతోంది. గీరుకున్న మోచేతి దాకా అందులో ఉంది.

మేనేజ్‌మెంట్ పెద్దలు కూడా ఈ లేఖ చదువుతారు కాబట్టి వాళ్లకు ఒక విన్నపం. ఈ ఏడాదికి బహుమతి ఇవ్వాలనుకుంటున్నారని విన్నాను. తప్పకుండా ఇవ్వండి. కానీ సున్నాకు ఇవ్వకండి. 365 రోజులకు గిఫ్టు అని ప్రకటిస్తే, 360వ రోజున చేయి కాలినవాడు తోటివాళ్ల గిఫ్టు పోతుందని చేయి జేబులో పెట్టుకుని ఇంటికి పోతాడు. రాసిన నియర్ మిస్‌లకు, వాటిలో సరిచేసిన వాటికి ఇవ్వండి. మార్చి 4న జాతీయ భద్రతా దినం నాడు స్టేజి మీదికి పిలిచేటప్పుడు, జూన్‌లో తన తప్పు తనే రాసుకున్న ఆ మనిషిని ముందు పిలవండి. అతను ఒప్పుకుంటేనే.

టీముకు కూడా మూడు సంగతులు చెప్పాలి. సైరన్ అర్థం హిందీలో, ఒడియాలో చెప్పించి, టవర్ ఎక్కే ముందు కొత్తవాడితో తిరిగి చెప్పించండి. మే నెల తర్వాత రిజిస్టరులో "చెప్పాం" అని ఉంది, "తిరిగి చెప్పాడు" అని లేదు. రెండోది, టోకెన్ల మీద నంబర్లే ఉన్నాయి. ఫోటోలు అంటించండి. ఆ రాత్రి చొక్కా రంగు చూసి మనిషిని గుర్తుపట్టారు, ఫోటో పట్టుకుని వెతికి ఉంటే పద్దెనిమిది నిమిషాలు ఆరు నిమిషాలయ్యేవి. మూడోది, అయిదో స్టేజి కోన్ దగ్గర రెండో పోక్ హోల్ మూత బోల్టు ఒకటి వదులుగా ఉందని నాలుగు షిఫ్టుల్లో రాశారు, సరిచేసినట్టు ఎక్కడా లేదు. అక్కడి నుంచి బయటి గాలి లోపలికి పీలిస్తే అక్కడే కోటింగ్ పెరుగుతుంది. షట్‌డౌన్ దాకా ఆగకుండా ఈ వారమే చూడండి.

వచ్చే నెల షట్‌డౌన్‌లో కొత్త హెల్పర్లకు లాన్స్ పట్టుకోవడం నేర్పడానికి రమ్మని పిలిచారు. వస్తాను. బోర్డు మీద నాకూ ఒక కొక్కెం ఖాళీ పెట్టించండి. ఫోటో వెంట తెస్తాను.

మీ
పాత ప్రీహీటర్ షిఫ్ట్ ఇంచార్జ్